బిర్యానీ ఆమె లెక్కలో, బంగారం అతని లెక్కలో

ఇల్లు కొనాలనుకునే జంటల మధ్య డబ్బు గొడవ పెద్ద ఖర్చు దగ్గర మొదలవడం తక్కువ. శనివారం రాత్రి ఫోన్లో ఆర్డర్ పెట్టిన బిర్యానీ దగ్గరో, మూడో జత బూట్ల దగ్గరో మొదలవుతుంది. "నెలకి ఇలా ఎన్నిసార్లు తెప్పిస్తున్నారో చూశారా?" అని ఆమె అంటుంది. "మొన్న మీ పిన్ని కూతురి పెళ్లికి నువ్వు కొన్న పట్టుచీర ముందు ఇదెంత?" అని అతనంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అతని డబ్బు చిన్న మొత్తాల్లో రోజూ పోతుంది. ఆమె డబ్బు ఏడాదికి నాలుగైదుసార్లు పెద్ద మొత్తాల్లో పోతుంది. ఎవరి ఖర్చు వారికి అవసరంగా, అవతలివారి ఖర్చు దుబారాగా కనిపిస్తుంది.

ఈ తేడా ఇక్కడి జంటలకే ప్రత్యేకం కాదు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన స్కాట్ రిక్, మరో ఇద్దరు పరిశోధకులతో కలిసి 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. రూపాయి తీయాలంటే మనసు గింజుకునేవాళ్లు, చెయ్యి ఆగనివాళ్లు ఒకరినొకరు పెళ్లి చేసుకునే ధోరణి ఉందని, ఆ తేడా ఎంత ఎక్కువైతే డబ్బు మీద తగాదాలు అంత ఎక్కువని అందులో తేలింది. మన దగ్గర సంబంధాలు చాలావరకు పెద్దలు చూసేవే. జాతకాలు, జీతాలు చూస్తారు గానీ అబ్బాయి క్రెడిట్ కార్డు బిల్లు ఎవరూ అడగరు. దారి వేరైనా ఫలితం దాదాపు అదే.

అయితే స్వభావాలు మార్చుకోవాలని కూర్చుంటే ఇల్లు రాదు. పదేళ్ల అలవాటు నెలరోజుల ప్రతిజ్ఞతో పోదు. చెయ్యగలిగిన పని ఒకటే: ఎవరి అలవాటు ఎలా ఉన్నా ఇంటి డబ్బుకు తగలకుండా డబ్బు వెళ్లే దారులు మార్చడం. అది లెక్కల పని. మొదటి లెక్క ఇల్లు ఖరీదుది.

హైదరాబాద్ శివార్లలో 65 లక్షల రూపాయల ఫ్లాట్ ఒకటి తీసుకుందాం. కట్టడం పూర్తై, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చినది. అలాంటిదానికి జీఎస్టీ ఉండదు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షలకు పైబడి 75 లక్షల వరకు ఉండే గృహరుణంలో బ్యాంకు ఇవ్వగలిగేది ఇంటి విలువలో 80 శాతం వరకే. అంటే 52 లక్షలు అప్పు, 13 లక్షలు మన చేతి డబ్బు. చాలా జంటలు ఈ 13 లక్షల దగ్గరే ఆగిపోతాయి. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం. మన ఫ్లాటుకు అది 4 లక్షల 87 వేల పైచిలుకు. మామూలుగా ఈ డబ్బును బ్యాంకు ఇంటి విలువలో కలపదు, కాబట్టి దానికి అప్పు దొరకదు. కప్‌బోర్డులు, వంటగది పనులు, ఫ్యాన్లు, గృహప్రవేశం కలిపి తక్కువలో తక్కువ మూడు లక్షలు. మొత్తం చేరేది 21 లక్షలకు. ఇద్దరూ 13 అనుకుని దాచుకుంటూ వచ్చి, చివర్లో 21 అని తెలిసిన రోజు ఇంట్లో వినిపించే మాటలు వేరే రాయక్కర్లేదు. "నువ్వు అలా ఖర్చు పెట్టకపోతే ఈపాటికి..." అని మొదలవుతాయి. నిజానికి తప్పు ఖర్చుది కాదు, లెక్కది.

ఇంకో చిక్కుంది. నాలుగేళ్ల తరువాత ఆ ఫ్లాటు 65 లక్షలకే దొరకదు. ధర ఏటా 5 శాతం పెరిగిందనుకుంటే 79 లక్షలవుతుంది. అప్పుడు చేతిలో ఉండాల్సింది 25 లక్షలు. లక్ష్యం ఇదీ అని ఇద్దరూ ఒకేసారి, ఒకే కాగితం మీద చూడాలి. "ఇల్లు కొనాలి" అన్న మాటను ఒక్కొక్కరు ఒక్కోలా అర్థం చేసుకోవచ్చు. "నాలుగేళ్లలో 25 లక్షలు" అన్నదానికి రెండో అర్థం ఉండదు.

ఇప్పుడు ఒక జంటను ఊహించుకుందాం. ఆమె సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తుంది, చేతికొచ్చే జీతం 85 వేలు. అతను జూనియర్ కాలేజీ లెక్చరర్, 55 వేలు. స్కూలుకెళ్లే పాప. ఇప్పటికే డిపాజిట్‌లో ఐదు లక్షలున్నాయి. ఖర్చు చెయ్యి అతనిది, పొదుపు చెయ్యి ఆమెది అని చుట్టాలందరూ చెప్పుకుంటారు.

ఆరున్నర శాతం వడ్డీతో ఆ ఐదు లక్షలు నాలుగేళ్లలో సుమారు ఆరున్నర లక్షలవుతాయి. మిగతా 18 లక్షల 50 వేలు రికరింగ్ డిపాజిట్ మీద పోగవ్వాలంటే నెలకు దాదాపు 34 వేలు కట్టాలి. వడ్డీ మీద పన్ను కూడా ఉంటుంది కాబట్టి 35 వేలు అనుకోవాలి. ఆ పన్ను పూర్తిగా పూడాలంటే మధ్యలో ఒకటి రెండు బోనస్‌లు కూడా తోడవ్వాలి. ఇంటికి లక్షా 40 వేలు వస్తుంటే 35 వేలు దాచడం కష్టమేమీ కాదని కాగితం మీద అనిపిస్తుంది. ఏ నెలా అలా జరగదు. ఎందుకో చూడాలంటే ఏడాది పొడవునా ఇద్దరి బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందు పెట్టుకోవాలి.

అద్దె, మెయింటెనెన్స్ కలిపి 25 వేలు. సరుకులు, పాలు, కూరగాయలు, గ్యాసు, కరెంటు, పనిమనిషి జీతం 28 వేలు. పెట్రోలు, ప్రయాణాలు ఏడు వేలు. ఇరువైపుల తల్లిదండ్రులకు పంపేది ఎనిమిది వేలు. మొత్తం 68 వేలు. ఇవి అందరూ రాసుకునేవే. రాసుకోనివి ఇంకొన్ని ఉంటాయి. పాప ఫీజు ఏడాదికి 84 వేలు, అది జూన్‌లో సగం, దసరా తరువాత సగం. ఆరోగ్య బీమా, టర్మ్ పాలసీ, బండి బీమా కలిపి 48 వేలు. సంక్రాంతి, దసరా ప్రయాణాలు, బట్టలు 40 వేలు. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలకు చదివింపులు 30 వేలు. ఫ్రిజ్ రిపేరు, పన్ను నొప్పి లాంటివి 14 వేలు. కలిపితే 2 లక్షల 16 వేలు, నెలకు సరిగ్గా 18 వేలు.

ఈ 18 వేలే అసలు కన్నం. ప్రతి నెలా రాదు కాబట్టి నెల లెక్కలో ఎవరూ రాయరు. వచ్చిన ప్రతిసారీ "ఈ నెల అనుకోకుండా ఖర్చొచ్చింది" అంటారు. పాప ఫీజు కట్టాల్సి వస్తుందని జనవరిలో తెలియదా? సంక్రాంతి ఎప్పుడొస్తుందో తెలియదా? అయినా ఆ నెల పొదుపు ఆగుతుంది, లేదా డిపాజిట్ విరుగుతుంది, లేదా క్రెడిట్ కార్డు మీదకు వెళ్తుంది. అప్పుడు కనిపించే దోషి మాత్రం అతని బిర్యానీ. ఆర్డర్ల మొత్తం నెలకు మూడు వేలు దాటదు. అయినా వాటి మెసేజ్‌లు ఫోన్లో రోజూ కనిపిస్తాయి కాబట్టి గొడవ వాటి మీదికి మళ్లుతుంది.

కాబట్టి ఈ జంట విడిగా మూడు ఖాతాలు తెరుస్తుంది. ఒకటి ఇంటి ఖర్చుల ఖాతా, నెలకు 68 వేలు. రెండోది ఏడాది ఖర్చుల ఖాతా, నెలకు 18 వేలు. మూడోది కొత్త ఇంటి ఖాతా, 35 వేలు. మొత్తం లక్షా 21 వేలు. మిగిలే 19 వేలు ఇద్దరి సొంతం.

ఎవరెంత వెయ్యాలి? చెరి సగం అంటే వినడానికి న్యాయంగా ఉంటుంది. కానీ లక్షా 21 వేలలో సగం 60,500. అతని జీతమే 55 వేలు. చెరి సగం పద్ధతిలో అతను నెలాఖరుకు భార్య దగ్గర అప్పు చెయ్యాలి. జీతాల నిష్పత్తిలో వేస్తే ఆమె వాటా దాదాపు 73,500, అతనిది 47,500. అప్పుడు ఆమె చేతిలో పదకొండున్నర వేలు, అతని చేతిలో ఏడున్నర వేలు మిగులుతాయి. మూడో పద్ధతి ఇంకొకటి: సొంత డబ్బు సమానంగా ఉండేలా ముందే నిర్ణయించుకుని, మిగతాది ఉమ్మడికి పంపడం. అంటే ఆమె 75,500, అతను 45,500 వేస్తారు. ఒక్కొక్కరికి 9,500 మిగులుతుంది.

ఈ మూడింటిలో మూడోదే ఎక్కువ కాలం నిలబడుతుందని ఈ వ్యాసకర్త ఉద్దేశం. జీతం తక్కువైనవారు పాపను స్కూలు నుంచి తీసుకురావడమో, సాయంత్రం వంట చూసుకోవడమో చేస్తుంటారు. దాని ఖరీదు ఏ స్టేట్‌మెంట్‌లోనూ ఉండదు. ఒకరి చేతి ఖర్చు రెండోవారి కంటే పెద్దదైతే ఆ తేడా మూడో నెలకల్లా మాటల్లోకి వస్తుంది. ఆమె జీతం ఎక్కువ కాబట్టి నాకిది అన్యాయం అని ఆమె అనుకుంటే మాత్రం నిష్పత్తి పద్ధతి వాడుకోవచ్చు. ఏదైనా ఇద్దరూ కూర్చుని ఒప్పుకున్నది కావాలి.

ఆ 9,500 విషయంలో నియమం ఒక్కటే. ఎవరిది ఎక్కడికి పోయిందో అడగకూడదు. అతను వారానికి మూడుసార్లు తెప్పించుకున్నా, ఆమె మూడు నెలలు కూడబెట్టి ఒకేసారి చీర కొన్నా, అది వాళ్ల ఇష్టం. చెయ్యి ఆగనివాళ్లకు ఈ నియమం నచ్చుతుందని వేరే చెప్పక్కర్లేదు. విచిత్రమేమిటంటే పిసినారి భాగస్వామికి దీనితో ఇంకా ఎక్కువ ఊరట. అవతలివారి ప్రతి ఖర్చూ ఇంటిని ఆలస్యం చేస్తోందన్న భయం పోతుంది, ఎందుకంటే ఇంటి 35 వేలు రెండో తారీఖునే వెళ్లిపోయాయి.

రెండో తారీఖు అన్నది ఊరికే రాసిన మాట కాదు. జీతం ఒకటో తారీఖున పడితే, మర్నాడు మూడు ఖాతాలకూ డబ్బు తనంతట తానే బదిలీ అయ్యేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టాలి. నెలాఖరున మిగిలింది దాద్దామంటే ఆ ఇంట్లో మిగిలేది ఉండదు. ఇంకో జాగ్రత్త: కొత్త ఇంటి ఖాతాను ఏ యూపీఐ యాప్‌కూ జోడించకూడదు, డెబిట్ కార్డు తీసుకోకూడదు. ఫోన్లో బ్యాలెన్స్ కనిపిస్తే చెయ్యి ఆగనివారికి అది ఖర్చు పెట్టగలిగిన డబ్బుగానే అనిపిస్తుంది. సంత రోజున జేబులో పెట్టుకున్న రొక్కం తిరిగి ఇంటికి రానట్టే, క్యూఆర్ కోడ్‌కు అందే డబ్బు కూడా నిలవదు.

అందుకే ఇలాంటి ఇళ్లలో చిట్టీకి ఆదరణ. దీన్ని పాతకాలపు పద్ధతి అని కొట్టిపారేయడం తొందరపాటు. 50 నెలల ఐదు లక్షల చిట్టీ అంటే నెలకు పదివేలు కట్టాలి, డివిడెండ్ పోను కట్టేది ఇంకా తగ్గుతుంది. రికరింగ్ డిపాజిట్ ఒక నెల కట్టకపోతే బ్యాంకు నుంచి మెసేజ్ వస్తుంది. చిట్టీ కట్టకపోతే మనిషే ఫోన్ చేస్తాడు. పదిమందిలో పరువు పోతుందన్న భయం చెయ్యి ఆగనివారి చేత డబ్బు కట్టిస్తుంది. ఆర్డీకి ఆ బలం లేదు. కానీ దాని బలహీనత ఇదే చోట ఉంది. ఇరవయ్యో నెలలో వేలం పాడుకుని డబ్బు ఎత్తుకుంటే, ఆ డబ్బుతో కొనడానికి ఇల్లింకా సిద్ధంగా ఉండదు. చేతిలో ఉన్న మూడున్నర నాలుగు లక్షలు కారుకు డౌన్‌పేమెంట్ అవుతాయి, తరువాత ముప్పై నెలలు చిట్టీ కట్టడం మాత్రం తప్పదు. ఇల్లు లక్ష్యం అయినప్పుడు చివరి నెలల్లో ఎత్తుకోవాలి, లేదా ఎత్తిన రోజే ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేయాలి. ఏ చిట్టీ అయినా 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం కింద రిజిస్టరై ఉండాలి. నిర్వాహకుడు తీసుకునే కమిషన్ ఏడు శాతం దాటకూడదు. కాలనీలో నోటిమాట మీద నడిచే చిట్టీ ఎంత మంచివాళ్లదైనా, ఇంటి డబ్బుకు అది చోటు కాదు.

బంగారం సంగతి దీనికంటే జటిలం. ఆమె దృష్టిలో గొలుసు కొనడం ఖర్చు కాదు, పొదుపే. అతని దృష్టిలో అది పూర్తిగా ఖర్చు. ఇక్కడ ఇద్దరూ సగం సగం రైటు. నగ కొన్నప్పుడు బంగారం ధరతో పాటు తరుగు, మజూరీ, మీద మూడు శాతం జీఎస్టీ కడతాం. అమ్మేటప్పుడు ఇవేవీ తిరిగి రావు. అది ఇంటి డబ్బుగా చేతికందాలంటే ఎవరో ఒకరు ఆ నగను అమ్మడానికి ఒప్పుకోవాలి. పెళ్లిలో పెట్టిన గొలుసు అమ్ముదామని ఫ్లాట్ బుకింగ్ ముందు రోజు రాత్రి మొదలయ్యే చర్చ తెల్లవారేదాకా సాగుతుంది. కాబట్టి నగలు ఆమె సొంత 9,500లోంచే రావాలి. నగల దుకాణాల 11 నెలల పథకం కట్టినా అందులోంచే. ఇంటికని బంగారం కొనాలని ఇద్దరూ అనుకుంటే నగ రూపంలో కాకుండా కొనాలి, అమ్మే రోజు ఏదో ముందే రాసుకోవాలి.

ఇంతకీ ఈ ఏర్పాటు పనిచేస్తోందా లేదా అన్నది ఎలా తెలుస్తుంది? ఇంటి ఖర్చుల ఖాతాలో ఇరవయ్యో తారీఖుకే డబ్బయిపోయి, ఏడాది ఖర్చుల ఖాతాలోంచి తెచ్చి వేస్తుంటే 68 వేలు అన్న అంచనా తప్పు. ఇంకో రెండు వేలు చేర్చి ఇద్దరి సొంత డబ్బూ తగ్గించుకోవాలి. క్రెడిట్ కార్డుకు కనీస మొత్తం మాత్రమే కడుతున్నారంటే ఎవరో ఒకరి 9,500 చాలడం లేదు, ఆ సంగతి బయటికి రావడం లేదు. కార్డు బకాయి మీద వడ్డీ ఏడాదికి 30 శాతం పైనే ఉండటం మామూలు, ఆరున్నర శాతం తెచ్చే డిపాజిట్ దాన్ని ఎన్నటికీ అందుకోలేదు. అన్నిటికంటే ప్రమాదకరమైన గుర్తు "ఈ ఒక్క నెలకు ఇంటి ఖాతాలోంచి తీసుకుందాం, వచ్చే నెల వేసేద్దాం" అన్న మాట. ఆ మాట పొదుపరి నోటే ఎక్కువగా వస్తుంది, ఎందుకంటే తాను తప్పక తిరిగి వేస్తానన్న నమ్మకం ఆ మనిషికే ఉంటుంది. చెల్లెలి సీమంతమో, నాన్న కంటి ఆపరేషనో, కారణం ఎప్పుడూ గట్టిదే.

తల్లిదండ్రులకు పంపే ఎనిమిది వేలు ఉమ్మడి ఖర్చులో ఎందుకు రాశామో ఇక్కడ తెలుస్తుంది. పుట్టింటికో, అమ్మానాన్నలకో దాచి పంపే డబ్బు బయటపడ్డప్పుడు జరిగే గొడవ మొత్తం గురించి కాదు, దాచినందుకు. ఆ డబ్బు మొదటి నుంచీ కాగితం మీద ఉంటే దాచడానికేమీ మిగలదు.

జీతం పెంపు, బోనస్ సంగతి అవి రాకముందే తేల్చుకోవడం తేలిక. ఆర్థికవేత్తలు రిచర్డ్ థేలర్, ష్లోమో బెనార్ట్‌జీ 2004లో ప్రచురించిన ప్రసిద్ధ ప్రయోగం ఇదే. రేపటి పెంపులో కొంత దాస్తామని ఉద్యోగుల చేత ఇవాళే ఒప్పించారు. చేతికింకా రాని డబ్బు వదులుకోవడం ఎవరికీ కష్టమనిపించదు. మన జంట పెంపులో సగం ఇంటి ఖాతాకు, పావు వంతు చొప్పున ఇద్దరి సొంతానికి అని ముందే రాసుకుంటే, ఫ్లాట్ ధర అనుకున్న 5 శాతం కంటే వేగంగా పెరిగినా కొంత తట్టుకోగలరు. ఏటా పది శాతం పెరిగే ప్రాంతమైతే మాత్రం నాలుగేళ్ల ప్రణాళిక సరిపోదు. చిన్న ఫ్లాటో, ఇంకాస్త దూరమో, ఇంకో రెండేళ్లో, ఏదో ఒకటి వదులుకోవాలి.

ఉమ్మడి ఖాతా వల్ల దాంపత్యానికే మేలని 2023లో వచ్చిన మరో అధ్యయనం చెబుతోంది. కొత్తగా పెళ్లైన జంటల్లో కొందరికి ఉమ్మడి ఖాతా, కొందరికి వేర్వేరు ఖాతాలు లాటరీ పద్ధతిలో కేటాయించి రెండేళ్లు గమనించారు. ఉమ్మడి ఖాతా జంటల మధ్య అనుబంధం మెరుగ్గా నిలిచింది. అది అమెరికా జంటల సంగతి, అక్కడ నెలనెలా ఊరికి డబ్బు పంపే అలవాటు మన దగ్గరున్నంత లేదు. అందుకే పూర్తిగా ఉమ్మడి కాకుండా, మూడు ఉమ్మడి, రెండు సొంతం అన్న ఏర్పాటు మనవాళ్లకు బాగా కుదురుతుంది.

మిగిలింది పేర్ల సంగతి. కొత్త ఇంటి ఖాతా ఇద్దరి పేర్ల మీదా ఉండాలి. రేపు అప్పు ఇద్దరూ కలిసి తీసుకుని, ఇల్లు కూడా ఇద్దరి పేర్ల మీద ఉంటే, పాత పన్ను విధానంలో ఉన్నవారు వడ్డీ మీద మినహాయింపు ఎవరికి వారు విడిగా తీసుకోవచ్చు. మన దేశంలో పెళ్లయినంత మాత్రాన ఒకరి ఆస్తిలో రెండోవారికి వాటా రాదు. కట్టింది ఇద్దరైనా పత్రంలో ఒక్క పేరే ఉంటే, కట్టానని నిరూపించుకోవలసిన బాధ్యత రెండోవారిదే. ఇద్దరి పేర్లూ రాసి వాటాలు రాయకపోతే, ఆస్తి బదిలీ చట్టంలోని 45వ సెక్షన్ ప్రకారం ఎవరు ఎంత డబ్బు పెట్టారన్న దాన్ని బట్టి వాటా లెక్క తేలుతుంది. ఆధారం లేకపోతే సమానమని భావిస్తారు. మన జంటలో ఆమె నెలకు 75,500 వేసినా, అతను 45,500 వేసినా, కొత్త ఇంటి ఖాతాకు ఎవరి నుంచి ఎంత వెళ్లిందో స్టేట్‌మెంట్‌లో ఉంటుంది. సమాన వాటాలే కావాలనుకుంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లకముందే డాక్యుమెంట్ రైటర్‌కు చెప్పి, చెరి సగం అన్న వాక్యం సేల్ డీడ్‌లోనే రాయించుకోవాలి. అక్కడ వేలిముద్రలు వేసే హడావిడిలో ఆ చర్చకు సమయం ఉండదు.